అమ్మోనియం సల్ఫేట్‌తో ప్రొటీన్‌ను అవక్షేపించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ ల్యాబ్‌లో చూసినా ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. పని జరిగే వరుసలో వాటిని ఇక్కడ పేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఉదాహరణ కావలసిన చోట ఎక్కువగా కుందేలు సీరం నుంచి ఐజీజీ యాంటీబాడీని వేరుచేయడాన్ని తీసుకున్నాం. ఉప్పు శాతం అంటే ఆ ఉష్ణోగ్రతలో కరగగలిగినంత ఉప్పులో ఎంత వంతు ఉందన్న లెక్క. ఉష్ణోగ్రత వేరుగా చెప్పని చోట అంకెలన్నీ, ఎంత ఉప్పు వేయాలో చెప్పే 0 డిగ్రీల పట్టికవి. ఐసులోనో కోల్డ్ రూమ్‌లోనో చేసే పనికి అవి సరిపోతాయి.

## మొదలుపెట్టక ముందు

నీళ్లలో హాయిగా కరిగి ఉన్న ప్రొటీన్, ఉప్పు వేస్తే ఎందుకు బయటపడుతుంది?

ప్రొటీన్ ఉపరితలం మీద నీళ్లంటే ఇష్టపడే భాగాలతో పాటు నీళ్లకు పడని జిడ్డు మచ్చలు కూడా ఉంటాయి. సల్ఫేట్ అయాన్లు నీటి అణువులను గట్టిగా పట్టుకుంటాయి, ప్రొటీన్ ఉపరితలానికి మాత్రం దూరంగా ఉంటాయి. ఉప్పు పెరిగేకొద్దీ ఆ ఉపరితలాన్ని నీటిలో తెరిచి ఉంచడం శక్తి పరంగా భారమవుతుంది. ప్రొటీన్ అణువులు ఒకదాన్నొకటి హత్తుకుంటే నీటికి తగిలే మొత్తం వైశాల్యం తగ్గి ఆ భారం తగ్గుతుంది. మనకు కనిపించే తెల్లటి ముద్ద అదే.

"ఉప్పు నీళ్లన్నీ లాగేసుకుంటుంది" అని క్లాసులో చెప్పే మాట తప్పు కాదు కానీ సగమే. నీళ్లు లేకుండా పోవు. నిజానికి ప్రొటీన్ చుట్టూ ఉప్పు తక్కువగా, నీళ్లు ఎక్కువగా ఉంటాయి. అందుకే చాలా ప్రొటీన్లు మడత విప్పుకోకుండా అలాగే అవక్షేపమవుతాయి, ఉప్పు తగ్గించగానే తిరిగి కరుగుతాయి. వేడికి గుడ్డు సొన గడ్డకట్టడానికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది.

ఉప్పు కొంచెం ఉంటే ప్రొటీన్ ఎక్కువ కరుగుతుంది, బాగా ఉంటే కరగదు అంటారు. రెండూ ఎలా నిజమవుతాయి?

రెండు చోట్ల జరిగే పని వేరు. ఉప్పు బాగా తక్కువగా ఉన్నప్పుడు పక్కపక్క ప్రొటీన్ల మీది ధన, రుణ ఆవేశాలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. కాస్త ఉప్పు వేస్తే అయాన్లు మధ్యలో చేరి ఆ ఆకర్షణను అడ్డుకుంటాయి, కరిగే గుణం పెరుగుతుంది. దీన్ని సాల్టింగ్ ఇన్ అంటారు. సీరాన్ని శుద్ధమైన నీటికి డయాలసిస్ చేస్తే కొన్ని గ్లోబ్యులిన్లు తెల్లగా విరగడం దీనికి తిరగేసిన రూపం.

ఉప్పు మోలార్ స్థాయికి చేరాక ఆవేశాల అడ్డుగోడ పని ఎప్పుడో పూర్తయి ఉంటుంది. అక్కడి నుంచి నీళ్లకు, జిడ్డు ఉపరితలానికి మధ్య పోరుదే పైచేయి. ఆ భాగానికి కోన్ 1925లో ఇచ్చిన సమీకరణం ఇది:

log S = β − Ks·I

S ప్రొటీన్ ద్రావణీయత, I అయానిక బలం. Ks ఎక్కువగా ఉప్పు రకం మీద, కొంత ప్రొటీన్ మీద ఆధారపడుతుంది. β మాత్రం ప్రొటీన్‌తో పాటు పీహెచ్, ఉష్ణోగ్రతలను బట్టి మారుతుంది. ఎడమ వైపు ఉన్నది లాగరిథమ్ కాబట్టి అయానిక బలం వరుసగా పెరుగుతుంటే ద్రావణీయత రెట్ల లెక్కన పడిపోతుంది. చాలాసేపు ఏమీ కనిపించకుండా, ఉన్నట్టుండి గ్లాసు మసకబారడానికి కారణం ఇదే.

వంటింటి ఉప్పు చాలదా? అమ్మోనియం సల్ఫేటే ఎందుకు?

అయానిక బలం లెక్కలో అయాన్ ఆవేశానికి వర్గం వస్తుంది. సోడియం క్లోరైడ్ 1 మోలార్ అంటే అయానిక బలం 1 మాత్రమే. సల్ఫేట్‌కు రెండు రుణావేశాలు ఉన్నాయి కాబట్టి 1 మోలార్ అమ్మోనియం సల్ఫేట్ అయానిక బలం 3. పైగా అది చల్లని నీటిలోనూ దాదాపు 3.9 మోలార్ వరకూ కరుగుతుంది.

అయితే అంతా అయానిక బలమే కాదు, అయాన్ స్వభావం కూడా లెక్కలోకి వస్తుంది. 1888లో ప్రాగ్‌లో హాఫ్‌మైస్టర్ గుడ్డు తెల్లసొన ప్రొటీన్ల మీద రకరకాల లవణాలను ప్రయత్నించి, అవక్షేపించే బలాన్ని బట్టి వాటిని వరుసగా పెట్టాడు. ఆ వరుసలో సల్ఫేట్ బలమైన వైపు ఉంటుంది, క్లోరైడ్ మధ్యలో ఉంటుంది. మరి సోడియం సల్ఫేట్ వాడొచ్చు కదా అంటే, అది చల్లని నీటిలో చాలా తక్కువ కరుగుతుంది, కోల్డ్ రూమ్‌లో స్ఫటికాలు కట్టి కూర్చుంటుంది.

ఎరువుల దుకాణంలో దొరికే అమ్మోనియం సల్ఫేట్ వాడొచ్చా?

వద్దు. రసాయనం అదే అయినా అందులో లోహాల జాడలు, కరగని మట్టి ఉంటాయి. ఒక లీటరుకు 300 గ్రాములు వేసే చోట లక్షలో ఒక వంతు మలినం కూడా 3 మిల్లీగ్రాములవుతుంది. సిస్టీన్ మీద ఆధారపడే ఎంజైమ్ పని ఆపేయడానికి అది చాలు. ఎంజైమ్ గ్రేడ్ కొనండి. అప్పటికీ అనుమానముంటే బఫర్‌లో లోహాలను పట్టేసే ఈడీటీఏ 1 మిల్లీమోలార్ కలపండి. మీ ఎంజైమ్‌కే లోహం అవసరమైతే మాత్రం ఈడీటీఏ జోలికి పోవద్దు.

పేపర్‌లో "40–60 శాతం మధ్య వస్తుంది" అని ఉంది. నాకు 60కి కూడా సగమే వచ్చింది. ఏం తప్పు చేశాను?

బహుశా తప్పేమీ చేయలేదు, మీ ద్రావణం పలచగా ఉండొచ్చు. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే: "ఈ ప్రొటీన్ 50 శాతానికి వస్తుంది" అనేది ఆ ప్రొటీన్‌కు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఒక ఉప్పు స్థాయి దగ్గర లీటరుకు ఇంత ప్రొటీన్ కరిగి ఉండగలదు అని మాత్రమే ద్రావణీయత చెబుతుంది. మీ దగ్గర ఉన్నదే అంతకన్నా తక్కువైతే విరగడానికి ఏమీ ఉండదు.

దీనికి పాఠ్యపుస్తకాల్లో చెప్పే ఉదాహరణ కార్బన్ మోనాక్సైడ్ పట్టిన మయోగ్లోబిన్. లీటరుకు 30 గ్రాములున్న ద్రావణంలో అది 58 శాతం సంతృప్తత దగ్గర విరగడం మొదలై 65 లోపు చాలావరకు వచ్చేస్తుంది. అదే ద్రావణాన్ని పది రెట్లు పలచన చేస్తే 66 దాకా కదలదు, 73 దాకా సాగుతుంది. ప్రొటీన్ అదే, పీహెచ్ అదే. కానీ మొదటి ద్రావణానికి కుదిరిన హద్దులు రెండోదానికి ఎందుకూ పనికిరావు.

కాబట్టి పేపర్‌లో శాతం ఒక్కటే కాకుండా మొత్తం ప్రొటీన్ ఎంత, పీహెచ్ ఎంత, ఏ ఉష్ణోగ్రతలో చేశారు అన్నవి కూడా చూడండి. అవి రాయకపోతే ఆ శాతాన్ని వెతుకులాటకు ఒక ఆరంభంగా తీసుకోండి. లీటరుకు 1 గ్రాము కన్నా తక్కువ ప్రొటీన్ ఉంటే అవక్షేపం ఆలస్యంగా, అసంపూర్తిగా వస్తుంది. ముందు ద్రావణాన్ని చిక్కబరచుకోవడం మంచిది.

నా ప్రొటీన్‌కు సరైన హద్దులు నేనే కనుక్కోవాలంటే?

ఒక పూట పని. ఐసు మీద ఉన్న నమూనాను 5 మిల్లీలీటర్ల చొప్పున ఆరు గొట్టాల్లో తీసుకోండి. 30, 40, 50, 60, 70, 80 శాతాలకు వరుసగా 0.82, 1.13, 1.46, 1.81, 2.18, 2.58 గ్రాముల పొడి కలపండి. అరగంట ఉంచి సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగున చేరిన ముద్దను, అంటే పెల్లెట్‌నూ, పైన తేరిన ద్రవాన్నీ విడివిడిగా పరీక్షించండి.

ఇక్కడ సంతృప్త ద్రావణం కాకుండా పొడే వాడండి. 80 శాతానికి చేరాలంటే 1 మిల్లీలీటరుకు 4 మిల్లీలీటర్ల ద్రావణం పోయాలి. దాంతో ప్రొటీన్ ఐదు రెట్లు పలచబడి ఒక గొట్టాన్ని ఇంకో గొట్టంతో పోల్చడానికి వీలుండదు. పైద్రవంలో ఎంజైమ్ చర్య కనిపించకపోతే వెంటనే "అంతా విరిగింది" అనుకోకండి. అంత ఉప్పులో ఎంజైమ్ పని చేయకపోవచ్చు. పెల్లెట్‌ను కరిగించి అందులో చర్య తిరిగి కనబడిందా అన్నది చూసి నిర్ణయించండి.

## లెక్కలు

"45 శాతం సంతృప్తత" అంటే గ్రాముల్లో ఎంత?

ఆ ఉష్ణోగ్రతలో ఇక కరగనంత ఉప్పున్న ద్రావణం 100 శాతం. బరువు శాతంతో దీనికి సంబంధం లేదు. 0 డిగ్రీల దగ్గర లీటరు ద్రావణాన్ని సున్నా నుంచి 45 శాతానికి తేవాలంటే 258 గ్రాములు, 50 శాతానికి 291, 60 శాతానికి 361 గ్రాములు కావాలి. 25 డిగ్రీల పట్టికలో 50 శాతానికి 313 గ్రాములు ఉంటుంది. ఐసు మీద పని చేస్తూ 25 డిగ్రీల పట్టిక చూస్తే దాదాపు 7.5 శాతం ఎక్కువ ఉప్పు పడుతుంది. దగ్గర దగ్గరగా విరిగే రెండు ప్రొటీన్లను విడదీయాలనుకున్నప్పుడు ఆ తేడా పనంతా చెడగొడుతుంది. నోట్‌బుక్‌లో శాతం పక్కన ఏ ఉష్ణోగ్రత పట్టిక అన్నదీ రాసుకోండి.

45 శాతం నుంచి 60కి తీసుకెళ్లాలి. 361 లోంచి 258 తీసేసి 103 గ్రాములు వేస్తే సరిపోదా?

సరిపోతుంది, మొదట ఉన్న ఒక్కో లీటరుకు 103 అని లెక్కిస్తే. కానీ ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఆ లీటరు కాదు. ప్రతి గ్రాము ఉప్పు ఘనపరిమాణాన్ని అర మిల్లీలీటరుకు కాస్త పైగా పెంచుతుంది, కాబట్టి 258 గ్రాములు పడ్డాక అది దాదాపు 1.14 లీటర్లు అయింది. పట్టికలో 45 నుంచి 60కి కనిపించే 90 గ్రాములు, ఇప్పుడున్న ద్రావణం ఒక్కో లీటరుకు. 90ని 1.14తో గుణిస్తే మళ్లీ 103 చుట్టుపక్కలకే వస్తారు. పెల్లెట్ తీసేశాక మిగిలిన ద్రవాన్ని కొలజాడీలో కొలిచి, పట్టికలోని అంకె వాడటం తేలిక. కొలిచిన కొత్త పరిమాణానికి 103 వాడితే మాత్రం హద్దు దాటిపోతారు.

పొడి వేయాలా, సంతృప్త ద్రావణం పోయాలా?

పరిమాణం తక్కువ, శాతం 50 లోపు అయితే ద్రావణం మేలు. ఎక్కడా ఉప్పు ఒక్కసారిగా ఎక్కువైపోదు. పోయవలసిన పరిమాణం లెక్క ఇది:

V = V0 × (S2 − S1) / (100 − S2)

V0 మీ నమూనా పరిమాణం, S1 ఇప్పుడున్న శాతం, S2 చేరాల్సిన శాతం. శాతం పెరిగితే పోయాల్సింది విపరీతంగా పెరుగుతుంది, ప్రొటీన్ పలచబడుతుంది. లీటర్ల లెక్కన ఉన్న కణరసానికి పొడే దారి.

సంతృప్త ద్రావణానికి 500 మిల్లీలీటర్ల నీటిలో 400 గ్రాములు వేసి, కాస్త వేడి చేస్తూ కలిపి, రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచండి. పొద్దున అడుగున స్ఫటికాలు కనిపించాలి. అవి లేకపోతే అది సంతృప్త ద్రావణం కాదు.

## ఉప్పు కలిపేటప్పుడు

20 మిల్లీలీటర్ల కుందేలు సీరం నుంచి ఐజీజీ తీయడానికి మొత్తం పద్ధతి చెప్పండి.

సీరాన్ని ముందు 10,000 జీ వద్ద 20 నిమిషాలు తిప్పండి. అడుగున గడ్డల ముక్కలు, పైన కొవ్వు తెట్టు చేరతాయి. రెండూ వదిలేసి మధ్య ద్రవం తీసుకుని, అంతే పరిమాణంలో ఫాస్ఫేట్ సెలైన్ కలిపితే 40 మిల్లీలీటర్లవుతుంది. సీరంలో ప్రొటీన్ చాలా చిక్కగా ఉంటుంది. పలచన చేయకపోతే విరిగే ముద్దలో ఆల్బుమిన్ కూడా చిక్కుకుపోతుంది.

బీకరును ఐసులో పెట్టి మ్యాగ్నెటిక్ స్టిర్రర్ నెమ్మదిగా తిప్పుతూ, పీహెచ్ 7.4కు సరిచేసిన చల్లని సంతృప్త ద్రావణాన్ని చుక్కచుక్కగా పోయండి. 45 శాతానికి 40 × 45 ÷ 55, అంటే 32.7 మిల్లీలీటర్లు. ఇందుకు 20 నిమిషాలైనా తీసుకోవాలి. మొదట చుక్క పడిన చోట తెల్లటి తీగ కనిపించి వెంటనే మాయమవుతుంది. కాసేపటికి ఆ తీగ మాయం కావడం మానేస్తుంది, ద్రవమంతా గంజి తేటలా మసకబారి, చివరికి పలచని మజ్జిగలా అవుతుంది. పోయడం అయ్యాక కనీసం అరగంట కలియనివ్వండి. వీలైతే రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచండి.

10,000 జీ వద్ద 20 నిమిషాలు తిప్పి, పైద్రవాన్ని పారేయకుండా వేరే సీసాలో ఉంచండి. 9 మిల్లీలీటర్ల సంతృప్త ద్రావణం, 11 మిల్లీలీటర్ల ఫాస్ఫేట్ సెలైన్ కలిపితే కడగడానికి 45 శాతం ద్రావణం తయారు. పెల్లెట్‌ను అందులో చెదరగొట్టి మళ్లీ తిప్పండి. పెల్లెట్ మధ్య ఇరుక్కున్న ఆల్బుమిన్ దీంతో చాలావరకు పోతుంది. చివరికి 10 మిల్లీలీటర్ల ఫాస్ఫేట్ సెలైన్‌లో కరిగించండి.

క్షయీకరణ చేసిన ఎస్‌డీఎస్ జెల్‌లో 50, 25 కిలోడాల్టన్ల దగ్గర రెండు బలమైన పట్టీలు రావాలి. 66 దగ్గర ఆల్బుమిన్ పలచగా కనిపిస్తే ఫరవాలేదు. అదీ 50 పట్టీ అంత నల్లగా ఉంటే ఉప్పు తొందరగా పోశారన్నమాట, లేదా కడగలేదు. ఈ పద్ధతితో పూర్తిగా శుద్ధమైన ఐజీజీ రాదు, ట్రాన్స్‌ఫెరిన్ వంటివి కొంత ఉంటాయి.

పొడి వేస్తుంటే గడ్డలు అడుగున పడి, చుట్టూ తెల్లగా పేరుకుంటోంది. ఫరవాలేదా?

ఫరవాలేదు అనలేం. కరుగుతున్న గడ్డ చుట్టూ ఉన్న పలచని పొరలో ఉప్పు దాదాపు 100 శాతం ఉంటుంది. మొత్తం ద్రావణం 30 దగ్గరే ఉన్నా ఆ పొరలో రాకూడని ప్రొటీన్లు విరుగుతాయి. తర్వాత తిరిగి కరుగుతాయి గానీ అన్నీ కరగవు, ముద్ద లోపల చిక్కుకున్నవి అక్కడే ఉంటాయి. పొడిని ముందే కల్వంలో మెత్తగా నూరి, చిటికెడు చిటికెడుగా చల్లండి. ముందు వేసింది కరిగాకే తర్వాతిది. స్టిర్రర్ వేగం పెంచి కరిగించాలని చూడకండి. నురగ వస్తుంది. గాలి బుడగ ఉపరితలం మీద పరుచుకున్న ప్రొటీన్ మడత విప్పుకుంటుంది, అది తిరిగి కరగదు.

ఉప్పు వేశాక పీహెచ్ పడిపోయింది. సరిచేయాలా?

చేయాలి. అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం సహజంగా కాస్త ఆమ్లం వైపు ఉంటుంది, ఎక్కువ మోతాదులో వేస్తే పలచని బఫర్‌ను లాగేస్తుంది. ప్రొటీన్ తన సమవిద్యుత్ బిందువు దగ్గర అతి తక్కువగా కరుగుతుంది కాబట్టి పీహెచ్ జరిగితే అవక్షేపించే శాతమూ జరుగుతుంది. మొదటి నుంచే 50 మిల్లీమోలార్ బఫర్ వాడండి, సరిచేయడానికి పలచని అమ్మోనియా చుక్కలు వేయండి. పీహెచ్ 8.5 దాటనివ్వొద్దు. అమ్మోనియా వాసన వచ్చిందంటే దాటినట్టే.

## సెంట్రిఫ్యూజ్ దగ్గర

80 శాతం దగ్గర పెల్లెట్ గట్టిగా కూర్చోవడం లేదు, కొంత పైన తేలుతోంది. ఎందుకు?

ఉప్పు పెరిగేకొద్దీ ద్రవం బరువెక్కుతుంది. సంతృప్త ద్రావణం మిల్లీలీటరుకు దాదాపు 1.235 గ్రాములు తూగుతుంది. ప్రొటీన్ ముద్ద సాంద్రత దానికంటే కొద్దిగానే ఎక్కువ, కొవ్వు అంటుకుని ఉంటే తక్కువే. 45 శాతానికి 20 నిమిషాల్లో దిగేది 80 శాతానికి దిగకపోవచ్చు. సమయం రెట్టింపు చేయండి, వేగం 15,000 జీ దాకా పెంచండి. తేలిన తెట్టును పారేసే ముందు కొంచెం కరిగించి పరీక్షించండి, మీకు కావలసింది అందులోనే ఉండొచ్చు.

ఎదురు గొట్టంలో నీళ్లు పోసి సమం చేస్తే సెంట్రిఫ్యూజ్ అదిరిపోతోంది. ఎందుకలా?

పరిమాణం సమంగా ఉన్నా బరువు సమంగా లేదు. బరువు తూచి నీళ్లు పోసినా మట్టం వేరవుతుంది, అదీ మంచిది కాదు. ఎదురు గొట్టంలో అదే శాతం ఉప్పు నీళ్లు పోసి త్రాసు మీద సరిచేయండి. ఒలికిన ఉప్పు అల్యూమినియం రోటర్‌ను తినేస్తుంది, పని అవగానే మంచి నీటితో కడిగి ఆరబెట్టండి.

## పెల్లెట్ వచ్చాక

పెల్లెట్ బఫర్‌లో పూర్తిగా కరగడం లేదు. ప్రొటీన్ పాడైందా?

ముందు కాసేపు ఆగండి. పెల్లెట్‌లో చాలా భాగం ఉప్పు ద్రావణమే. బఫర్ తక్కువైతే ఉప్పు శాతం తగ్గక ప్రొటీన్ అలాగే ఉంటుంది. పెల్లెట్ పరిమాణానికి ఒకటి రెండు రెట్ల బఫర్ పోసి, చల్లగా ఉంచి, మెల్లగా ఆడించండి. అప్పటికీ మిగిలిన తెల్లటి పోగులు నురగలో చెడిపోయిన ప్రొటీన్ కావచ్చు. వాటిని సెంట్రిఫ్యూజ్ చేసి తీసేయండి. మొత్తం ప్రొటీన్‌లో అవి ఎంతో కొలిచి రాసుకుంటే తర్వాతిసారి ఎంత నెమ్మదిగా కలపాలో తెలుస్తుంది.

డయాలసిస్ సంచి ఉబ్బి పగిలిపోయింది. ఎలా ఆపాలి?

లోపలి ఉప్పు బయటికి వెళ్లేకన్నా వేగంగా నీళ్లు లోపలికి వస్తాయి. సంచిని సగమే నింపి, గాలి పిండేసి, ముడికి ముందు ఖాళీ వదలండి. 10 మిల్లీలీటర్ల నమూనాలో 0.7 మోలార్ ఉప్పు ఉందనుకుందాం. లీటరు బఫర్‌లో సమస్థితికి వస్తే అది దాదాపు 7 మిల్లీమోలార్‌కు తగ్గుతుంది, బఫర్ మారిస్తే 0.07కి. మార్పుకూ మార్పుకూ మధ్య కనీసం నాలుగు గంటలివ్వండి. ఒకే సంచిని పెద్ద బకెట్‌లో వదిలేయడం కన్నా బఫర్‌ను రెండుసార్లు మార్చడమే లాభం.

ఉప్పు పోయిందో లేదో చూడాలంటే బయటి బఫర్ వాహకతను కొత్త బఫర్‌తో పోల్చండి. బేరియం క్లోరైడ్ చుక్క వేసి తెల్లబడుతుందేమో చూసే పాత పద్ధతి ఫాస్ఫేట్ బఫర్‌లో పనికిరాదు, ఫాస్ఫేటే తెల్లగా విరుగుతుంది. బేరియం విషం కూడా.

తర్వాత కాలమ్ వేయాలి. డయాలసిస్ తప్పనిసరా?

అయాన్ ఎక్స్‌ఛేంజ్ అయితే తప్పదు. ఉప్పు ఉంటే ప్రొటీన్ కాలమ్‌ను పట్టుకోకుండా జారిపోతుంది. హైడ్రోఫోబిక్ కాలమ్ అయితే వ్యవహారం తిరగబడుతుంది, దానికి ఉప్పే కావాలి. విరగనంత ఉప్పులో, తరచుగా 1 మోలార్ దగ్గర, నమూనాను నేరుగా ఎక్కించవచ్చు. డయాలసిస్ చేసి మళ్లీ ఉప్పు వేసేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

ప్రొటీన్ అంచనా ప్రతిసారీ వేరుగా వస్తోంది. ఉప్పు వల్లేనా?

కావచ్చు. బయురెట్ వంటి రాగి పద్ధతుల్లో అమ్మోనియం అయాన్లు రాగిని పట్టుకుని రంగును తారుమారు చేస్తాయి. బ్రాడ్‌ఫర్డ్ ఈ ఉప్పును మెరుగ్గా ఓర్చుకుంటుంది. ఏది వాడినా, ప్రామాణిక ప్రొటీన్‌ను కూడా అదే ఉప్పున్న బఫర్‌లో పెట్టి గీత గీయండి.

ఈరోజు ఇక్కడితో ఆపాలి. ఎక్కడ ఆపితే క్షేమం?

పెల్లెట్ దగ్గర. ఉప్పు తీసేసిన ద్రావణం కన్నా ఉప్పులో విరిగి ఉన్న ప్రొటీన్ ఎక్కువ రోజులు నిలుస్తుంది, ప్రొటియేజ్‌లూ బ్యాక్టీరియా అక్కడ పెద్దగా పనిచేయలేవు. కంపెనీలు కొన్ని ఎంజైమ్‌లను 3.2 మోలార్ అమ్మోనియం సల్ఫేట్‌లో తెల్లటి మడ్డిలా అమ్మేది అందుకే. 4 డిగ్రీల్లో ఉంచండి, గడ్డకట్టించకండి.

మిగిలిన ఉప్పు ద్రవాన్ని బ్లీచ్ కలిపి సింకులో పోయవచ్చా?

బ్లీచ్ కలపకూడదు. అమ్మోనియంతో కలిసి ఊపిరితిత్తులను మండించే క్లోరమైన్ వాయువులు వస్తాయి. సోడియం హైడ్రాక్సైడ్ కలిపినా అమ్మోనియా ఎగజిమ్ముతుంది. సీరం వంటి జీవపదార్థం ఉన్న ద్రవాన్ని ఆటోక్లేవ్ చేసి, మీ సంస్థ నియమాల ప్రకారం పారేయండి. అదీ కావలసిన ప్రొటీన్ పెల్లెట్‌లో ఉందని పరీక్షలో తేలాకే. అప్పటిదాకా ఏ పైద్రవాన్నీ పారేయకండి.